సాయంత్రం కాగానే “ఇంటికి పోతా” అని బయల్దేరే పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఇల్లు ఎలా సర్దాలి

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా తగ్గిపోయే జబ్బు, ఉన్న పెద్దవాళ్లని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న వాళ్లని ఎవర్ని కదిపినా ముందు సాయంత్రాల గురించే చెప్తారు. పగలంతా ఫరవాలేదు, టిఫిన్ తింటారు, పేపరు చేతిలో పట్టుకుని కూర్చుంటారు, పలకరిస్తే నవ్వుతారు. పొద్దు వాలేసరికి మనిషి మారిపోతారు. అటూ ఇటూ తిరగడం, తలుపు గడియ లాగడం, “నేను మా ఇంటికి పోవాలి, నన్ను పంపించండి” అని మొదలుపెట్టి ఏడుపు దాకా, ఒక్కోసారి చెయ్యెత్తడం దాకా వెళ్తుంది. డిమెన్షియాలో ఎన్నో తిప్పలు ఉన్నాయిగానీ నేనీ ఒక్కదాని గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో అందరి ఓపికా హరించుకుపోయేది ఇక్కడే, మందు బిళ్లతో కాకుండా మనం మారిస్తే మారేదీ ఇక్కడే ఎక్కువ.

మా పెద్దమ్మ సంగతి పట్టుకుని చెప్తాను, అప్పుడు విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఆవిడకి 78. ఊరు రేపల్లె వైపు. పెదనాన్న పోయాక అన్నయ్య, వదిన విజయవాడ తీసుకొచ్చి సత్యనారాయణపురంలో తమ ఫ్లాట్‌లో పెట్టుకున్నారు, మూడో అంతస్తు. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అని డాక్టర్ తేల్చి చెప్పారు. రోజూ ఐదు దాటాక ఒక ప్లాస్టిక్ సంచిలో రెండు చీరలు, దువ్వెన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడేది. “గేదెలొచ్చే వేళైంది, కట్టేసేవాళ్లు లేరు, నేను పోవాలి” అనేది.

ఎందుకిలా అంటే, అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినేది కొత్త జ్ఞాపకాల్ని దాచిపెట్టే భాగం. కాబట్టి నాలుగేళ్లుగా ఉంటున్న ఫ్లాటు ఆవిడ బుర్రలో సరిగ్గా ఎక్కనే లేదు, యాభై ఏళ్లు తిరిగిన పెంకుటిల్లు, పశువుల పాక మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి. పగలు చుట్టూ వెలుతురు, మనుషులు, పనులు ఉంటాయి కాబట్టి ఎలాగో నెట్టుకొస్తారు. సాయంత్రానికి మెదడు అలిసిపోతుంది, వెలుతురు తగ్గుతుంది, రాత్రి పగలు చెప్పే ఒంట్లోని గడియారం కూడా ఈ జబ్బులో పాడవుతుంది. అప్పుడు తెలియని ఇల్లు, నీడలు, ఎవరో మనుషులు, పైగా “ఈ వేళకి నేను చేయాల్సిన పని ఒకటుంది” అన్న పాత అలవాటు. ఇన్ని కలిస్తే ఇంటికి పోతాననే అంటారు. వాళ్లు అడుగుతున్న ఇల్లు చాలాసార్లు ఒక అడ్రసు కాదు, తనకి అన్నీ తెలిసి, తన మాట చెల్లిన చోటు. సొంత ఇంట్లోనే ఉన్నవాళ్లు కూడా ఇదే మాట అనడం చూస్తాం.

ముందు ఒకటి తేల్చుకోండి: ఇది మెల్లగా వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా?

ఈ మెట్టు దాటేసి ఇల్లు సర్దడం మొదలుపెట్టొద్దు. నెలల తరబడి కొద్దికొద్దిగా పెరిగితే అది జబ్బు తీరు. అలా కాకుండా నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో బాగా తికమక పడిపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, గంటకో రకంగా ఉన్నా, లేదంటే అదే పనిగా మగతగా పడుకుని పలకరిస్తే పలక్కపోయినా, అది వేరే సంగతి. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, ఎక్కడో నొప్పి ఉండి చెప్పలేకపోవడం, కొత్తగా మొదలైన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు డాక్టరుకి చూపించాలి, “వయసు మీద పడింది కదా” అని ఆగకూడదు. మగతగా ఉండే రకాన్ని ఇంట్లోవాళ్లు మరీ ఎక్కువగా వదిలేస్తారు, గొడవ చేయట్లేదు కదా అని.

మందుల్లో ఒకదాన్ని గట్టిగా చెప్పాలి. జలుబుకీ దురదకీ మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్ రకం బిళ్లలు, మగత తెప్పించే పాత తరం అలర్జీ మందులు, వీళ్లకి తికమకని పెంచుతాయి. నిద్ర పట్టట్లేదని ఎవరిదో అల్ప్రాజొలామ్ సగం బిళ్ల వేయడం ఇంకా ప్రమాదం, పడిపోతారు, మర్నాడు ఇంకా అయోమయంగా లేస్తారు. ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ, ఆయుర్వేదం సహా, ఒక కవర్లో వేసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి.

ఒక వారం నోటుబుక్కు రాయండి

పిల్లల రూళ్ల నోటుబుక్కు చాలు. నాలుగు గడులు గీయండి: ఎన్ని గంటలకి, దానికి ముందు ఏం జరుగుతోంది, ఆవిడ అచ్చంగా ఏమన్నారు, మనం ఏం చేస్తే ఏమైంది. మూడో గడిలో మీ సొంత మాట రాయొద్దు. “గొడవ చేసింది” అని రాస్తే అందులోంచి ఏమీ తేలదు. “గేదెలొచ్చే వేళైంది” అని రాస్తే అసలు కారణం అక్కడే ఉంది.

వదిన రాసిన దాంట్లో మూడు విషయాలు బయటపడ్డాయి. గొడవ ఎప్పుడూ ఐదుకీ ఐదుమ్ముప్పావుకీ మధ్యే మొదలవుతోంది. ఆ వేళకే పిల్లలు స్కూలు నుంచి వచ్చి బ్యాగులు విసిరేస్తున్నారు, టీవీ మోగుతోంది, వంటింట్లో కుక్కర్ కూతలు, వదిన అటు, పెద్దమ్మ ఒక్కతే హాల్లో చీకట్లో. కరెంటు ఆదా అని ఆరింటికిగానీ లైట్లు వేసేవాళ్లు కాదు. రెండోది, విరేచనం అవ్వని రోజుల్లో గొడవ రెట్టింపు. మూడోది ఆ గేదెల మాట. ఊళ్లో ఆవిడ సాయంత్రం అంటే పాలు తీయడం, కొలిచి పొయ్యడం, లెక్క చూసుకోవడం. ఆ పని ఇప్పుడు లేదు, కానీ ఆ వేళకి ఒళ్లు ఇంకా లేస్తోంది. ఈ మూడూ డాక్టర్ దగ్గర పావుగంటలో తేలేవి కావు. ఇంట్లో ఉన్నవాళ్లకే దొరుకుతాయి.

“ఇంటికి పోతా” అన్నప్పుడు నోట్లోంచి ఏం రావాలి

అందరం మొదట అనేది ఒకటే: “ఇదే మన ఇల్లు కదా అత్తయ్యా, నాలుగేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం కదా.” నిజమే, కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. తెలియని ఇంట్లో ఎవరో అమ్మాయి తలుపుకి అడ్డం నిలబడి ఇదే నీ ఇల్లు అంటోంది. భయం పెరుగుతుందే గానీ తగ్గదు. వాదనలో మీరు గెలిచినా ఐదు నిమిషాల్లో ఆ మాట మర్చిపోతారు, కానీ ఆ మాటతో వచ్చిన భయం, కోపం మాత్రం ఒంట్లో చాలాసేపు ఉండిపోతాయి. ఏం జరిగిందో పోతుంది, ఎలా అనిపించిందో మిగులుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా అన్నీ మీకే తోస్తాయి.

కాబట్టి ఇలా చేయండి. ముందు టీవీ కట్టేయండి, రెండు మాటలు ఒకేసారి చెవిలో పడితే వాళ్లు ఏదీ పట్టుకోలేరు. వెనకనుంచీ పక్కనుంచీ రావొద్దు, ఎదురుగా వెళ్లండి. వాళ్లు కూర్చుని ఉంటే మీరూ స్టూలు లాక్కుని కూర్చోండి, కళ్లు కళ్లు కలిసే ఎత్తులో. మీరెవరో చెప్పండి, “అత్తయ్యా, నేను లక్ష్మిని” అన్నట్టు. “నేనెవరో చెప్పండి చూద్దాం” అని పరీక్ష పెట్టొద్దు, మన చుట్టాలకి ఈ అలవాటు మరీ ఎక్కువ, వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు, వాళ్లని గుమ్మంలోనే ఆపి చెప్పెయ్యండి. ఒకసారికి ఒక్క మాట, చిన్న మాట. అన్నాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. మాట వాళ్ల చెవిలో పడి, అర్థమై, జవాబు దొరకడానికి అంత సమయం పడుతుంది. మనం మధ్యలో మళ్లీ వేరే మాటల్లో అడిగితే మొదటి నుంచి మొదలు. అరవడం వద్దు. చెవి వినపడకపోతే మెషీన్ పెట్టించండి, చెవిలో గులిమి ఉందేమో చూపించండి, కేకలేస్తే ముఖం కోపంగా కనపడుతుంది, ఆవిడకి ముందు కనపడేది ఆ ముఖమే.

ఇక మాటలు. మా వదిన చివరికి కుదుర్చుకున్న తీరు ఇది:

“ఇంటికి పోవాలమ్మాయ్, గేదెలొచ్చే వేళైంది.”
“గేదెలొచ్చే వేళైందా అత్తయ్యా. పాపం ఎదురుచూస్తుంటాయి.”
(ఆగింది. పెద్దమ్మ సంచి అలాగే పట్టుకుని నిలబడింది.)
“మీరు దగ్గరుంటేగానీ పాలిచ్చేవి కాదట కదా.”
“నేను తప్ప ఎవరు పోయినా తన్నేవి.”
“అబ్బో. రండి, పాలొచ్చాయి, మీరే కొలిచి చెప్పాలి.”

ఇందులో మెట్లు చూడండి. ముందు ఆవిడ మాటనే తిరిగి అంది, కాదనలేదు. తర్వాత ఆ పనిలో ఆవిడ పెద్దరికాన్ని ఒప్పుకుంది. “గుర్తుందా” అనే మాట ఎక్కడా వాడలేదు. ఆ తర్వాతే పక్కకి తిప్పింది, అదీ ఆవిడ అడిగిన పనికి దగ్గరగా ఉన్న పనికే. మొదటి రెండు మెట్లూ వదిలేసి సూటిగా “రండి టీ తాగుదాం” అంటే కుదరదు, మాట దాటేస్తున్నారని వాళ్లకి తెలిసిపోతుంది.

“రేపు పొద్దున బస్సుకి వెళ్దాం” అని చాలామంది చెప్తారు. నా వరకు, ముందు వాళ్ల బాధ వినిపించుకున్నాక అంటే తప్పు లేదు, ఊరికే నోరు మూయించడానికి అంటే పనిచేయదు, ఐదు నిమిషాలకి మళ్లీ అడుగుతారు. జబ్బు మొదట్లో ఉండి, చెప్పింది కొంత గుర్తుండేవాళ్ల దగ్గరైతే అసలు వద్దు, మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని కూర్చుంటారు, నమ్మకం పోతుంది.

దీనికంటే కష్టమైనది పోయినవాళ్ల గురించి అడగడం. “మీ మావయ్య ఇంకా రాలేదేంటే?” అంటే “ఆయన పోయి ఆరేళ్లైంది కదా అత్తయ్యా” అని ప్రతిసారీ చెప్పడం ప్రతిసారీ కొత్తగా చావు కబురు చెప్పడమే. “మావయ్య మనసులోకొచ్చారా? పొలం నుంచి వచ్చేసరికి ఏం వండి పెట్టేవారు?” అని ఆయన గురించే మాట్లాడండి, ఆవిడకి కావాల్సింది ఆయన ఊసు. అయితే ఎప్పుడైనా నిమ్మళంగా ఉండి, సూటిగా మీ కళ్లలోకి చూసి “ఆయన పోయారా?” అని అడిగితే అబద్ధం చెప్పకండి. “అవునత్తయ్యా” అని చెయ్యి పట్టుకుని కూర్చోండి. ఆ రెండు ప్రశ్నలకీ తేడా ఆవిడ గొంతులోనే తెలుస్తుంది.

గొడవ ఐదింటికి మొదలైతే పని మధ్యాహ్నమే మొదలుపెట్టాలి

పొద్దున అరగంట, ముప్పావుగంట బాల్కనీలోనో మేడమీదో వెలుతురులో కూర్చోబెట్టండి, ఒంట్లో గడియారానికి ఇదే మందు. ఎండాకాలంలో ఎనిమిదిలోపే ముగించేయండి, బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం కునుకు అరగంటకి మించనివ్వద్దు, మంచం మీద కంటే కుర్చీలో నయం. కాఫీ, టీ మధ్యాహ్నం తర్వాత వద్దు. దాహం వేస్తోందని వాళ్లు చెప్పరు, చాలామందికి దాహమే తెలియదు, అందుకని “నీళ్లు కావాలా” అని అడక్కుండా మజ్జిగ గ్లాసు చేతికివ్వండి, మీరూ ఒకటి తీసుకుని పక్కన కూర్చుని తాగండి, చూసి తాగుతారు. గుండె జబ్బో కిడ్నీ సమస్యో ఉండి నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే ఆ లెక్క దాటొద్దు. నాలుగింటికి ఒకసారి బాత్రూంకి తీసుకెళ్లండి. “వెళ్తారా” అంటే “వద్దు” అనేది అందరూ అనే మాటే, “రండత్తయ్యా, కాళ్లు కడుక్కుందాం” అంటే లేస్తారు.

నాలుగున్నరకి, ఇంకా వెలుతురు ఉండగానే, హాల్లో లైట్లన్నీ వేసేయండి. విజయవాడలో డిసెంబరులో ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది, కాబట్టి చలికాలంలో ఇంకాస్త ముందే వేయాలి. వెలుతురు నుంచి చీకటికి ఆ మార్పు ఆవిడకి కనపడకూడదు, అంతే లక్ష్యం. కిటికీ కర్టెన్లు కూడా అప్పుడే లాగేయండి, చీకటి పడ్డాక కిటికీ అద్దంలో సొంత నీడే కనిపించి బయట ఎవరో నిలబడ్డారని భయపడతారు.

తర్వాత ఆ వేళకి పని. మా ఇంట్లో అది పాలు. సాయంత్రం రెండు అర లీటరు ప్యాకెట్లు, ఒక స్టీలు గిన్నె, ఒక గ్లాసు హాల్లో బల్ల మీద పెడతారు. వదిన ప్యాకెట్టు కత్తిరిస్తుంది, పెద్దమ్మ గిన్నెలో పోసి గ్లాసుతో కొలుస్తుంది, లెక్క తప్పినా ఎవరూ దిద్దరు. ఆ తర్వాత చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం, లేకపోతే వత్తులు చేయడం. కత్తి, పొయ్యి జోలికి పోనివ్వరు. మీ ఇంట్లో పెద్దాయన రైల్వేలో చేసి ఉంటే టైంటేబుల్ కాగితాలు సర్దడం కావచ్చు, కొట్టు నడిపి ఉంటే చిల్లర నాణేలు కట్టలు కట్టడం కావచ్చు. బొమ్మలూ రంగు పెన్సిళ్లూ ఇచ్చి కూర్చోబెట్టడం నాకు నచ్చదు, పెద్దవాళ్లని చిన్నపిల్లల్ని చేసినట్టుంటుంది, చాలామంది విసిరికొడతారు కూడా. పిల్లల్ని ఆ గంటా లోపలి గదిలో ఉంచారు. క్రైం వార్తలు, ఏడుపు సీరియళ్లు ఆ వేళకి పూర్తిగా బంద్, తెరమీద జరిగేది ఇంట్లోనే జరుగుతోందనుకుంటారు.

దీంతో అంతా పోయిందా అంటే పోలేదు. సంచి బయటికొచ్చే సాయంత్రాలు బాగా తగ్గాయి, వచ్చినా చల్లబడటం తొందరగా అవుతోంది. ఇంటినిండా చుట్టాలున్న పండగ రోజు, కరెంటు పోయిన రోజు మళ్లీ మామూలే. కరెంటు పోయినా వెలుగుతుండే చార్జింగ్ బల్బు ఒకటి హాల్లో, ఒకటి ఆవిడ గదిలో పెట్టాక కరెంటు కోతల భయం కొంత తగ్గింది.

ఇంట్లో ఆవిడ కళ్లకి ఏం కనిపిస్తోందో చూడండి

మన కళ్లతో కాదు. వయసుతో కంటిలోని కటకం పచ్చబారుతుంది, లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది, శుక్లాల ఆపరేషన్ అయితే కొంత మెరుగు. డిమెన్షియాలో పైగా లోతు అంచనా, రంగుల తేడా దెబ్బతింటాయి. ఒకసారి సాయంత్రం పూట హాల్ నుంచి బాత్రూం దాకా నేల చూస్తూ మెల్లగా నడవండి.

మన ఫ్లాట్లలో ముఖ్యంగా చూడాల్సింది బాత్రూం గుమ్మంలో పరిచే నల్ల గ్రానైట్ పట్టీ. తెల్ల టైల్స్ మధ్యలో ఆ నల్ల చార ఆవిడకి గుంటలా కనిపిస్తుంది. పెద్దమ్మ బాత్రూంకి రానని మొండికేస్తోందని అందరూ అనుకునేవాళ్లు, నిజానికి ఆ గుంట దాటలేకపోతోంది. నేల రంగులోనే ఉండే, మెరుపు లేని, జారని టేపు దానిమీద అంటించారు. నల్ల డోర్‌మ్యాట్‌కీ ఇదే వర్తిస్తుంది, తీసేయండి, అది కాలికి తగిలి పడే ప్రమాదం కూడా. నిగనిగలాడే టైల్స్ మీద లైటు పడితే నీళ్లున్నట్టు కనిపిస్తాయి, అందుకని లైటు నేరుగా నేలమీద పడకుండా చూసుకోండి, మాపు పెట్టాక పూర్తిగా ఆరేదాకా అటు రానివ్వద్దు.

బాత్రూంలో తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ అన్నీ కలిసిపోతాయి, ఎక్కడ కూర్చోవాలో తెలియదు. కమోడ్ సీటు ముదురు నీలంగానో ఎర్రగానో ఉన్నది వేయించండి. ఇంకో చిక్కు, జీవితమంతా కింద కూర్చునే దొడ్డికి అలవాటైన మనిషికి జబ్బు ముదిరాక కమోడ్ ఏమిటో తెలియకపోవచ్చు, కుర్చీ అనుకుంటారు. పక్కన ఎర్ర మగ్గు, నీళ్లున్న బక్కెట్ కనపడేలా పెట్టండి, అవి చూస్తే అర్థమవుతుంది. గోడకి గట్టిగా బిగించిన పట్టుకునే కడ్డీ ఒకటి ఉండాలి, టవల్ కడ్డీని పట్టుకుంటే ఊడి వస్తుంది. లోపలి గడియ తీసేయండి. లోపల గడియ పెట్టుకుని తీయడం మర్చిపోతే తలుపు పగలగొట్టాల్సిందే.

బాత్రూం తలుపుకి మిగతా తలుపులకి లేని రంగు వేయండి, కమోడ్ బొమ్మ పెద్దగా గీసి, కింద తెలుగులో “బాత్రూం” అని కంటి ఎత్తులో అంటించండి, వంగిన నడుము ఎత్తు లెక్కలోకి తీసుకోండి. రాత్రిపూట ఆ తలుపు తెరిచి ఉంచి లోపల లైటు వెలుగుతుండనివ్వండి. మంచం తల ఎటు తిప్పితే కళ్లు తెరవగానే ఆ వెలుగు కనిపిస్తుందో అటు తిప్పండి. మంచం నుంచి అక్కడిదాకా కాలు కదిపితే వెలిగే సెన్సార్ లైట్లు కింది గోడకి రెండు పెడితే చాలు. రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా వెతుక్కునే చాలామందికి నిజంగా కావాల్సింది బాత్రూమే, దారి తెలియక మూల గోడ దగ్గర కూర్చుంటారు. చీర లంగా ముడి విప్పుకోలేకపోతే ఎలాస్టిక్ లంగానో నైటీనో వేయండి.

అద్దం చూసి ఎవరో ఉన్నారని తగువులాడితే గుడ్డ కప్పేయండి. నవ్వుతూ పలకరించుకుంటుంటే అలాగే ఉండనివ్వండి. సామాను అటూ ఇటూ మార్చొద్దు, ఊరి నుంచి తెచ్చిన పాత పెట్టె, ఆవిడ మంచం దుప్పటి, దేవుడి పటం ఆవిడ గదిలోనే ఒకే చోట ఉండాలి. దేవుడి గదిలో నూనె దీపం ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు వద్దు, పక్కన ఎవరైనా ఉండి వెలిగించండి. గ్యాస్ పని అయిపోగానే సిలిండర్ దగ్గర రెగ్యులేటరే కట్టేయడం అలవాటు చేసుకోండి.

తలుపు సంగతి

విజయవాడలో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఊరి మధ్యలోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పోతున్నాయి, ఊరికి పోవాలనుకున్న మనిషి కాళ్లు అలవాటుగా బస్టాండు వైపో స్టేషన్ వైపో లాగుతాయి. తలుపుకి కంటి ఎత్తులో కాకుండా పైన చివర్లో ఒక గడియ పెట్టించండి, తెరిస్తే మోగే చిన్న అలారం తగిలించండి. తలుపుకి గోడ రంగు కర్టెన్ వేస్తే చాలామందికి అక్కడ తలుపున్నట్టే తోచదు. చెప్పులు, సంచి, గొడుగు తలుపు దగ్గర కనపడకుండా పెట్టండి, అవి చూస్తేనే బయల్దేరాలనిపిస్తుంది. ఒంటరిగా లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు, అగ్గి అంటుకుంటే బయటపడే దారుండదు.

పేరు, మీ ఫోన్ నంబరు చెక్కించిన స్టీలు కడియమో గొలుసు బిళ్లో ఒంటిమీద ఉండాలి. కాగితం జేబులో పెడితే పడేస్తారు. ఈ మధ్యే తీసిన ఫొటో మీ ఫోన్లో ఉంచుకోండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి, కింద కిరాణా కొట్టాయనకి, ఆటో స్టాండులో ఒకరిద్దరికి ఆవిణ్ణి చూపించి చెప్పండి, “ఒంటరిగా కనపడితే ఆపొద్దు, కూడా నడుస్తూ నాకు ఫోన్ చేయండి” అని. తప్పిపోతే గంటలు వెతకొద్దు, పావుగంటలో దొరక్కపోతే 112కి చేయండి, కాలువ గట్లు, బస్టాండు, పాత ఊరి దారి ముందు చూడమనండి.

ఇవన్నీ చేశాకా సాయంత్రాలు మీ చేతిలో లేకుండా పోతుంటే, కొడుతున్నా, రాత్రుళ్లు అసలు పడుకోకపోయినా, ఆ నోటుబుక్కు పట్టుకుని న్యూరాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. గొడవ తగ్గించే మందులు ఉన్నాయి, కానీ డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి వాటితో పక్షవాతం, ప్రాణం ముప్పు కొంత పెరుగుతాయి, అందుకే తక్కువ మోతాదులో, కొన్నాళ్లకే, మళ్లీ మళ్లీ చూసి వాడతారు. పాత చీటీ మీద నెలల తరబడి తెచ్చి వేస్తూ పోకండి. ఊరికే ఎవరినైనా అడగాలన్నా, పెద్దవాళ్ల కోసం 14567, మీ సొంత టెన్షన్‌కి టెలీమానస్ 14416 ఉచితంగా పలుకుతాయి.

చివరగా, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఒక్కరి మీదే వంట, పిల్లలు, పెద్దావిడ అన్నీ పెట్టకండి. మా అన్నయ్య వాళ్లింట్లో వంట నాలుగింటికే అయిపోతుంది, ఆదివారం ఆ రెండు గంటలూ అన్నయ్యవే, వదిన బయటికి వెళ్లిపోతుంది. అటెండర్‌ని పెట్టుకుంటే ఆమె కోసం ఒక కాగితం ఫ్రిజ్ మీద అంటించండి: ఏమని పిలవాలి, ఏ మాటకి ఏం అనాలి, పాలు ఎన్నింటికి, బాత్రూంకి ఏమని లేపాలి, విరేచనం అయిందో లేదో ఎక్కడ టిక్కు పెట్టాలి. అటెండర్ మారిన రోజే ఆ కాగితం తీసి కొత్తామెతో గట్టిగా చదివించండి.